సీసాలో మిగిలిన 7 మాత్రలు | ఏఆర్‌టీ టాబ్లెట్స్ గురించి ఓపెన్‌గా మాట్లాడుకుందాం

ఈ ఎపిసోడ్ ఒక తమ్ముడు పంపిన మెసేజ్ మీద. హైదరాబాద్‌లో పీజీలో ఉంటాడు, మనలాగే సాఫ్ట్‌వేర్. హెచ్ఐవీకి రోజూ టీఎల్‌డీ టాబ్లెట్ వేసుకుంటాడు. పేరు, ఊరు చెప్పకుండా మాట్లాడమన్నాడు, సరే అన్నాను.

టీఎల్‌డీ అంటే ఒకే మాత్రలో మూడు మందులు: టెనోఫోవిర్, లామివుడిన్, డోల్యూటెగ్రవిర్. రోజుకి ఒకటే. గవర్నమెంట్ ఏఆర్‌టీ సెంటర్లో ఫ్రీగా ఇస్తారు. ఇతనికి 30 మాత్రల సీసా ఇచ్చారు. 28 రోజులు వాడి, రీఫిల్‌కి ఆ సీసా పట్టుకుని వెళ్లాడు. 2 మిగలాలి కదా? లెక్కపెడితే 7 ఉన్నాయి. అంటే 28 వేసుకోవాల్సినవాడు 23 వేసుకున్నాడు, సుమారు 82 శాతం. అక్కడ చూసేది 95 శాతం. నెలలో ఒకటి మిస్ అయితే ఆ గీత పైనే ఉంటాం, రెండు మిస్ అయితే కిందకి వచ్చేస్తాం. ఒంట్లో మందు తగ్గినప్పుడు వైరస్ మళ్లీ కాపీలు తీసుకుంటుంది. ఆ కాపీల్లో కొన్ని చిన్న చిన్న తేడాలతో పుడతాయి, వాటిలో మందుకి లొంగనివి మిగిలిపోతే అదే మందు రేపు పని చేయకపోవచ్చు. అందుకే లెక్క.

కౌన్సెలర్ మేడమ్ తిట్టలేదట. "ఈ ఐదూ ఎందుకు ఆగాయి నాన్నా?" అని ఒక్కొక్కటీ అడిగారట. నాకు బాగా నచ్చింది అదే.

రెండు రోజులు నిద్ర కోసం ఆపాడు. రాత్రి 9కి వేసుకుంటే తెల్లారేదాకా కళ్లు మూతపడట్లేదు, పొద్దున్నే రిలీజ్ ఉందని వదిలేశాడు. డోల్యూటెగ్రవిర్‌తో కొంతమందికి నిద్ర చెడుతుంది. మొదటి వారాల్లో తలనొప్పి, వికారం కూడా ఉండొచ్చు, చాలామందికి మెల్లగా తగ్గిపోతాయి. నిద్ర సమస్యకి మందు ఆపక్కర్లేదు, టైమ్ మార్చితే చాలాసార్లు సరిపోతుంది. డాక్టర్‌ని అడిగి ఇతను పొద్దున 7కి మార్చుకున్నాడు. కానీ ఒంటి మీద దద్దుర్లతో జ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా రీఫిల్ డేట్ దాకా ఆగకండి, వెంటనే వెళ్లండి.

ఇంకో రెండు రోజులు రూమ్మేట్స్ మేలుకుని ఉన్నారని సీసా తీయలేదు. సీసా మీద పేరు చదివి ఫోన్‌లో వెతికితే అయిపోయింది కదా, ఆ భయం. లేబుల్ పీకేద్దామనుకున్నాడు. పీకొద్దు, ఎక్స్‌పైరీ డేట్ దాని మీదే ఉంటుంది. సీసాని గుడ్డ సంచిలో వేసి తాళం ఉన్న బ్యాగ్‌లో పెట్టాడు. గలగల చప్పుడు రాకుండా పైన కొంచెం దూది పెట్టాడు. లోపల తేమ పీల్చే చిన్న పొట్లం ఉంటుంది, దాన్ని మాత్రం పారేయకూడదు. అలారమ్‌కి "వాటర్" అని పేరు పెట్టాడు, లాక్ స్క్రీన్ మీద ఎవరు చూసినా ఏమీ తెలీదు. పొద్దున 7కి రూమ్మేట్స్ ఎలాగూ లేవరు (మన పీజీల సంగతి తెలుసుగా).

ఐదోది ఊరెళ్తూ సీసా మర్చిపోవడం. ఇప్పుడు రెండు మూడు రోజులకి సరిపడా చిన్న డబ్బాలో వేసి ఆఫీస్ బ్యాగ్‌లో ఉంచుతున్నాడు. టైమ్ దాటితే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి. తర్వాతి డోస్‌కి 4 గంటలు కూడా లేకపోతే దాన్ని వదిలేసి, తర్వాతిది టైమ్‌కి వేసుకోవాలి. రెండూ కలిపి ఎప్పుడూ వద్దు.

ఇంకొకటి, మెసేజ్ చివర్లో మామూలుగా రాశాడు కానీ ముఖ్యమైంది. బిర్యానీ తిన్నాక మెడికల్ షాపులో అసిడిటీ జెల్ కొనుక్కుని తాగుతాడట. ఆ జెల్స్‌లో ఉండే అల్యూమినియం, మెగ్నీషియం డోల్యూటెగ్రవిర్‌ని పట్టేసుకుని ఒంటికి అందనివ్వవు. జెల్ తాగడానికి 2 గంటల ముందైనా, తాగిన 6 గంటల తర్వాతైనా మాత్ర వేసుకోవాలి. ఐరన్, కాల్షియం టాబ్లెట్స్ వాడేవాళ్లు కూడా ముందే డాక్టర్‌కి చెప్పండి. పాంటాప్రజోల్‌తో ఈ గొడవ లేదు. షాపులో నలుగురి ముందు జబ్బు పేరు చెప్పక్కర్లేదు. ఫోన్ నోట్స్‌లో "డోల్యూటెగ్రవిర్ వాడుతున్నాను, దీంతో పడుతుందా?" అని టైప్ చేసి స్క్రీన్ చూపించండి. మన స్టేటస్‌ని అనుమతి లేకుండా బయటపెట్టకూడదని 2017 హెచ్ఐవీ చట్టం చెబుతుంది. ఏఆర్‌టీ సెంటర్ కౌంటర్లో ఎవరైనా గట్టిగా పిలుస్తుంటే "పేరు కాకుండా నంబర్‌తో పిలవండి" అని అడగొచ్చు.

రీఫిల్ సంగతి. ఇతని సెంటర్ సొంత జిల్లాలో ఉంది, ప్రతిసారీ బస్సు, లీవు. ట్రాన్స్‌ఫర్ అడిగితే కాగితాలు రాసి హైదరాబాద్ సెంటర్‌కి పంపారు. మార్చుకునేటప్పుడు చేతిలో కనీసం వారానికి మాత్రలు ఉండగానే వెళ్లండి. ఎక్కడైనా ఇరుక్కుపోతే గ్రీన్ బుక్ పట్టుకుని దగ్గర్లోని ఏఆర్‌టీ సెంటర్‌కి వెళ్లి అడగండి, లేదా 1097కి కాల్ చేయండి, అది ఫ్రీ.

పోయిన నెల సీసాలో ఎన్ని మిగిలాయో ఫోటో పెట్టాడు. రెండే. మీ ప్రశ్నలు కూడా పంపండి, పేరు అక్కర్లేదు.