క్రియ కోసం ఎదురుచూసిన రాత్రి

ఈ రోజు నర్సింగ్ పట్టా అందుకుంటున్న చెల్లెళ్లూ తమ్ముళ్లూ, ఇందాక మెట్ల దగ్గర మీలో కొందరితో మాట్లాడాను. చాలామంది జర్మనీ వెళ్లే ఆలోచనలో ఉన్నారు. ఇద్దరు ఫోన్ తీసి జర్మన్ నేర్పే యాప్‌లో తమ స్ట్రీక్ చూపించారు, ఒకరిది 90 రోజులు, ఇంకొకరిది 160. నాది 214 దాకా వెళ్లింది. అందుకే సేవ, త్యాగం లాంటి పెద్ద మాటలు పక్కన పెట్టి, ఆ ఫోన్ గురించే మాట్లాడదామనుకున్నాను.

తొమ్మిదేళ్ల కిందట జర్మనీలో ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో, వృద్ధుల వార్డులో పనికి చేరాను. మొదటి నెలలోనే ఒక రాత్రి డ్యూటీ పడింది. రెండు గంటలప్పుడు బెల్ మోగితే వెళ్లాను. ఎనభై దాటిన పెద్దావిడ నన్ను చూసి "ఇష్ ముస్ మాల్" అంది. మూడే మాటలు. మూడూ నాకు తెలిసినవే. "నేను", "తప్పనిసరిగా", "ఒకసారి". "ముస్" వచ్చిన వాక్యంలో అసలు క్రియ చివర వస్తుందని యాప్ నాకు కొన్ని వందల సార్లు నేర్పింది. అందుకని ఆ క్రియ కోసం మర్యాదగా తల ఊపుతూ నిలబడ్డాను. తాగాలా, లేవాలా, ఇంటికి ఫోన్ చేయాలా? ఆవిడ మళ్లీ అదే అంది, ఈసారి కాస్త గట్టిగా. నేను మళ్లీ ఎదురుచూశాను. క్రియ రాలేదు. పక్క తడిసింది.

ఆ మాటకు అర్థం బాత్రూమ్‌కి వెళ్లాలని. జర్మన్లు అక్కడ క్రియ చెప్పరు. మనం "ఒంటికి వెళ్లొస్తా" అనమూ? పుస్తకంలో తెలుగు నేర్చుకున్న విదేశీయుడికి అది అర్థమవుతుందా? దుప్పటి మారుస్తున్నంతసేపూ ఆవిడ నన్ను ఏమీ అనలేదు, గోడ వైపు చూస్తూ పడుకుంది. ఆ మౌనం నాకు ఇప్పటికీ గుర్తే.

తప్పు యాప్‌ది కాదు. తన పని అది చేసింది. దాని పని ఎక్కడ అయిపోయిందో నేను చూసుకోలేదు.

ఒక చిన్న లెక్క చెబుతాను. అక్కడ నర్సుగా పూర్తి గుర్తింపు రావాలంటే మామూలుగా బి2 స్థాయి అడుగుతారు. సున్నా నుంచి బి2 చేరడానికి 45 నిమిషాల పాఠాలు సుమారు 600 నుంచి 800 పడతాయని గోథే ఇన్‌స్టిట్యూట్ అంచనా. తక్కువలో తక్కువ 600 అనుకున్నా 27,000 నిమిషాలు. రోజుకు పది నిమిషాల యాప్‌తో ఏడేళ్లు దాటుతుంది. స్ట్రీక్ రోజులను లెక్కపెడుతుంది, నిమిషాలను కాదు.

మొదటి మూడు నెలలు మాత్రం యాప్ నాకు నిజంగా పనికొచ్చింది. అక్షరాలు, పలికే తీరు, రోజువారీ మాటలు నేర్పింది. జర్మన్‌లో ప్రతి నామవాచకానికీ డెర్, డీ, డాస్‌లలో ఒకటి అతుక్కుని ఉంటుంది, అది బట్టీ పట్టాల్సిందే. దానికి నేను అంకీ అనే ఫ్లాష్‌కార్డుల యాప్ వాడాను. కొత్త కార్డులు రోజుకు పది చాలు. అది ఇరవై ఇస్తానంటుంది, మొదటి వారం హాయిగానే ఉంటుంది, నెల తిరిగేసరికి పాత కార్డుల బకాయి వందల్లోకి వెళ్లి ఫోన్ ముట్టుకోబుద్ధి కాదు.

మరి యాప్ పని అయిపోయిందని ఎలా తెలుస్తుంది? పాఠం నాలుగు నిమిషాల్లో, ఒక్క తప్పు లేకుండా, టీవీ చూస్తూ చేసేస్తున్నారంటే అనుమానించండి. యాప్‌లో మాటలు పెట్టెల్లో పేర్చి ఉంటాయి, మనం తాకి వరసలో పెడతాం. అది గుర్తుపట్టడం. మాట మన నోటి నుంచి పుట్టడం వేరే పని. అదే పాఠంలోని తెలుగు అర్థం కాగితం మీద రాసుకుని, ఫోన్ మూసి, జర్మన్‌లో చెప్పి చూడండి. పది వాక్యాల్లో ఆరు రాకపోతే మీరు నేర్చుకుంటున్నది ఆ యాప్ ఆడటమే.

అంకెల దగ్గర ఇది నాకు బాగా తెలిసొచ్చింది. మనం ముప్పై అయిదు అంటాం. వాళ్లు "ఫ్యున్ఫ్ ఉంట్ డ్రైసిష్" అంటారు, అంటే అయిదూ ముప్పై. యాప్‌లో 35, 53 పక్కపక్కన కనిపిస్తాయి, ఆలోచించుకుని ఒకటి నొక్కుతాం, టింగుమని మోగుతుంది. వార్డులో ఫోన్ చేసి బీపీ చెప్పే మనిషి ఆగడు. "హుండెర్ట్ ఫ్యున్ఫ్ ఉంట్ డ్రైసిష్ ట్సూ ఫ్యున్ఫ్ ఉంట్ అఖ్‌ట్సిష్" అని ఒక్క గుక్కలో అనేస్తాడు. అది 135 బై 85. నేను విన్న వరసలోనే చెయ్యి కదిపి 153 అని రాశాను. పక్కన ఉన్న సీనియర్ సిస్టర్ చూసి రోగి దగ్గరికి పరిగెత్తబోయింది, అప్పుడు మళ్లీ ఫోన్ చేసి అడిగాం.

ఆ తర్వాత ఆవిడే నేర్పింది. వంద వినగానే 1 రాసి, పదుల చోటు ఖాళీగా వదిలి, 5ను కుడి చివర రాయాలి. "డ్రైసిష్" వినిపించాక మధ్యలో 3 పెట్టాలి. చివరకు అంకెలు విడివిడిగా "ఐన్స్, డ్రై, ఫ్యున్ఫ్" అని తిరిగి చెప్పి అవునా అని అడగాలి. నేను నెల రోజులు రోజూ రూమ్మేట్ చేత ఇరవై అంకెలు వేగంగా చదివించుకుని రాశాను. దానికి ఒక కాగితం, ఒక మనిషి చాలు. మనిషే కావాలి, ఎందుకంటే మధ్యలో దగ్గుతుంది, మింగేస్తుంది, ఫోన్‌లో వినిపించేదీ అలాగే ఉంటుంది.

ఇంకో సంగతి నాకు ఆలస్యంగా అర్థమైంది. నేను వాడిన పాఠాలన్నీ ఇంగ్లీషు మీదుగా వెళ్లేవే. ఇంగ్లీషులో ఆలోచించి నేను చలేస్తే "ఇష్ బిన్ కాల్ట్" అనేదాన్ని, అంటే "నేను చల్లగా ఉన్నాను". శవం చల్లగా ఉంటుంది. చలేసిన మనిషి "మియర్ ఇస్ట్ కాల్ట్" అనాలి. మాటకు మాట పెడితే "నాకు చలిగా ఉంది". మన వాక్యమే! "వైల్ మియర్ ష్విండెలిష్ ఇస్ట్" అంటే "నాకు కళ్లు తిరిగినట్టుగా ఉంది కాబట్టి". క్రియ చివరికి పోతుంది, మనకు పోయినట్టే. ఇంగ్లీషు మీదుగా వచ్చినవాళ్లు ఈ రెండిటి దగ్గరే ఏడాది తంటాలు పడతారు. మనం తెలుగు నుంచి నేరుగా దాటితే సగం దారి నడిచేసినట్టే. ఏ పాఠమూ మీకిది చెప్పకపోవచ్చు, అందుకే మీ నోటుపుస్తకంలో జర్మన్ పక్కన తెలుగే రాసుకోండి.

నొప్పుల విషయంలో ఇది మరీ పనికొస్తుంది. యాప్‌లో నొప్పికి ఒకటే మాట. వార్డులో రోగి "నొప్పి" అని ఊరుకోడు. వేలికి గోరుచుట్టు లేస్తే సలుపుతుంది అంటాం, దానికి వాళ్ల మాట "పోఖెన్". పక్కలో పోటు పొడిస్తే "ష్టెషెన్". కాళ్లు లాగుతున్నాయంటాం చూడండి, వాళ్లూ "త్సీయెన్" అంటారు, దానికీ అసలు అర్థం లాగడమే. మంటకు "బ్రెన్నెన్". ఇంట్లో అమ్మమ్మ నొప్పులు ఎన్ని రకాలుగా చెబుతుందో ఈ రాత్రి ఒక జాబితా రాసుకుంటే, మీరు వెతుక్కోవాల్సిన మాటలు మీకే తెలుస్తాయి. ఏ కోర్సు వాళ్లూ మీకోసం ఆ జాబితా తయారుచేయరు.

వీడియోల గురించి కొంచెం. డాయిచె వెల్లె వాళ్ల "నీకోస్ వేగ్" అనే సిరీస్ ఉచితం, బి1 దాకా ఉంటుంది, చాలా బాగుంటుంది. కానీ నేను కింద పడే అక్షరాలు చదువుతూ చూసి, అర్థమైపోతోందని మురిసిపోయాను. చెవి పని కన్ను చేసేసింది. ఒక నిమిషం ముక్క తీసుకుని ముందు అక్షరాలు లేకుండా విని, విన్నది రాయండి. తర్వాత జర్మన్ అక్షరాలతో చూసి తప్పులు దిద్దుకోండి. మళ్లీ అక్షరాలు తీసేసి వినండి. మరీ అందకపోతే వేగం 0.75కి తగ్గించుకోవచ్చు, కానీ లేచే ముందు 1 దగ్గర ఒకసారి వినాల్సిందే. ఇలా ఒక్క నిమిషం ముక్కకి నాకు అరగంట పట్టేది. అరగంటలో మూడు ఎపిసోడ్లు చూసినదానికంటే అదే మిగిలింది.

ఇక గోథే బి2 పరీక్షలో రాయడానికి 75 నిమిషాలు ఇస్తారు, మాట్లాడటానికి సుమారు 15. చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం, ఒక్కోదానిలో విడిగా 100కి 60 రావాలి. నాకు మొదటిసారి రాయడంలో పోయింది. నేను రాసిన ఉత్తరంలో ఏది తప్పో ఏ వీడియో చెబుతుంది? స్నేహితురాలితో రోజూ మాట్లాడి సాధన చేశాను, మంచిదే, కానీ ఇద్దరం ఒకే తెలుగు తప్పు చేస్తే ఇద్దరికీ చక్కగా అర్థమైపోయేది. మూడో నెల దాటాక వారానికి రెండు గంటలైనా ఎర్ర పెన్ను పట్టుకునే టీచర్ కావాలి. డబ్బు అక్కడ పెట్టండి, యాప్ ప్రీమియంకి కాదు. ఏజెంటు ఉచితంగా ఇచ్చే వీడియోల కట్టతో బి2 వచ్చేస్తుందంటే మాత్రం, ఉత్తరాలు దిద్దేది ఎవరు, వారానికి ఎన్ని అని అడగండి.

నా స్ట్రీక్ 214 దగ్గర తెగింది. ఆ రోజు సాయంత్రం డ్యూటీ దిగాక అదే పెద్దావిడ పక్కన కూర్చున్నాను. అప్పటికి నా మీద కోపం పోయింది, మోకాలి నొప్పి గురించి చెబుతోంది. నాకు ముప్పావు భాగం అర్థం కాలేదు కానీ, మధ్యలో "ఎస్ త్సీట్" అని స్పష్టంగా వినిపించింది. లాగుతోంది! తెలిసిన మాట దొరికిందని సంబరపడి, రెండు చేతులతో మోకాలు పట్టుకుని నెమ్మదిగా ఒత్తడం మొదలుపెట్టాను. ఆవిడ కాసేపు నన్నూ తన మోకాలినీ మార్చి మార్చి చూసి, నవ్వు ఆపుకోలేక, తెరిచి ఉన్న కిటికీ వైపు వేలు చూపించింది. "ఎస్ త్సీట్" అంటే చలిగాలి కొడుతోందని కూడానట.