లడ్డూ డబ్బాలో పట్టాలి కదా!

తిరుపతి లడ్డూను 7 సెంటీమీటర్ల వ్యాసమున్న గోళం అనుకుందాం (నిజానికి అంత గుండ్రంగా ఉండదనుకోండి). వర్క్‌షీటులో దాని ఘనపరిమాణం అడిగితే కొందరు పిల్లలు 154 అని రాస్తారు. అది 4πr², అంటే ఉపరితల వైశాల్యం, చదరపు సెంటీమీటర్లలో. ఘనపరిమాణానికి r మూడుసార్లు గుణించాలి, జవాబు ఘన సెంటీమీటర్లలో రావాలి. మరి యూనిట్లు చూసుకుంటే సరిపోదా అంటారేమో, సరిపోదు. వ్యాసార్థం 3.5 బదులు వ్యాసం 7 వేసినా యూనిట్లలో తప్పు కనిపించదు; జవాబు మాత్రం 8 రెట్లు పెరిగి 1437 అవుతుంది. అందుకే ఆ లడ్డూ సరిగ్గా పట్టే స్థూపాకారపు డబ్బా లెక్క కూడా వేయాలి. అది 269.5 ఘన సెంటీమీటర్లు. గోళం అందులో మూడింట రెండు వంతులు, సుమారు 179.7, అదే అడుగు, అదే ఎత్తు ఉన్న శంకువైతే మూడింట ఒక వంతే. జవాబు డబ్బాను మించిందంటే కొట్టేసి మళ్లీ చేయండి.