పండుగ బస్సు చార్జీ – ఒక గుమాస్తా లెక్క



కిందటి సంక్రాంతికి నేనూ మా ఆవిడా హైదరాబాదు నుంచి విశాఖపట్నం వెళ్లాం. మామూలు రోజుల్లో 1,200 రూపాయలుండే ప్రైవేటు బస్సు టిక్కెట్టుకు 3,000 చొప్పున ఇచ్చుకున్నాం. ఎందుకిలా అని కాగితం మీద లెక్క వేశాను.

మామూలుగా బస్సు రానూపోనూ నిండుతుంది. సీటుకు రెండువైపులా కలిపి 2,400 వస్తుంది. పండుగ ముందు మాత్రం నిండుగా వెళ్లి ఖాళీగా తిరిగొస్తుంది. డీజిలూ టోలూ తప్పవు గనుక ఆ 2,400 మన ఒక్క టిక్కెట్టులోనే రాబట్టుకుంటారు. పైనున్న 600 మన అవసరానికి కట్టిన ధర. పండుగయ్యాక ఈ వరస తలకిందులవుతుంది. అందుకే తిరుగు ప్రయాణం నాలుగైదు రోజులు వాయిదా వేసుకుంటే మనబోటి వాళ్లకు ఆదా.

రైల్లో స్లీపరు చార్జీ పండుగకు పెరగదు; ప్రత్యేక రైళ్లకు మాత్రం తరచు ఎక్కువుంటుంది. మా ఇద్దరికీ స్లీపరు సుమారు 900, రెండు చివరలా ఆటోలకు 600 వేసుకున్నా 1,500. బస్సుకైతే ఆటోలు కాకుండానే 6,000.

చిక్కల్లా బెర్తు దొరకడమే. 2024 నవంబరు నుంచి రిజర్వేషను 120 రోజులకు బదులు 60 రోజుల ముందే మొదలవుతోంది. జనవరి 12 ప్రయాణానికి నవంబరు 13 ఉదయమే కౌంటరు దగ్గరుండాలి. వృద్ధుల రాయితీ 2020 మార్చిలో పోయినా, కింది బెర్తు కోటా ఉంది. ఒకరిద్దరే ప్రయాణిస్తుంటే అది అడగండి. మేం ఆ తేదీ మరిచాం. మీరు క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి.

సెలవు.