ట్రాక్టరు బీమా ఎవరి దగ్గర కొనాలి?
(వరంగల్ రైతుల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



రైతుబీమా కోసం మనం ఏ ఏజెంటు దగ్గరికీ పోలేదు. 2018 నుంచి ప్రభుత్వమే ప్రీమియం కట్టి ఎల్ఐసీతో చేయిస్తున్నది. ట్రాక్టరు బీమా అట్ల కాదు. ఏటా మన జేబులోంచి కట్టాలి, ఎక్కడ కొనాలో మనమే తేల్చుకోవాలి.

ఏజెంటు కంపెనీ మనిషి. తన కంపెనీ పాలసీనే చూపిస్తాడు, పక్క కంపెనీలో తక్కువకు వస్తుందని చెప్పడు. బ్రోకరు చట్టప్రకారం మన తరఫు మనిషి. నాలుగు కంపెనీలను పోల్చి చూపాలి, క్లెయిము వచ్చినప్పుడు వెంట ఉండాలి. అయితే ఇద్దరికీ కమీషను ఇచ్చేది కంపెనీయే, అదీ మనం కట్టిన ప్రీమియంలోంచే. బండి నష్టానికి కట్టే భాగం 8,000 రూపాయలు, కమీషను 15 శాతం అనుకుంటే 1,200 వాళ్లకు పోతుంది. అందుకే బ్రోకరును కూడా "ఈ కంపెనీయే ఎందుకు?" అని అడగాలి.

నేరుగా కొనడమంటే కంపెనీ సొంత వెబ్‌సైటులో కొనడం. అక్కడ మధ్యవర్తి ఉండడు కాబట్టి ధర కొంత తగ్గవచ్చు, సలహా మాత్రం ఉండదు. అనేక కంపెనీల ధరలు ఒకేచోట చూపేది నేరుగా కొనడం కాదు. పాలసీబజార్‌ కూడా బ్రోకరు లైసెన్సుతోనే నడుస్తున్నది.

థర్డ్ పార్టీ ప్రీమియం ప్రభుత్వం నిర్ణయిస్తుంది. ఎవరి దగ్గరైనా అదే రేటు, దానిపై బేరం ఉండదు. తేడా వచ్చేది బండి నష్టం భాగంలోనే.

మనకు అసలు ఇబ్బంది ట్రాలీతో. ఇంజనుకు ఒక నంబరు, ట్రాలీకి వేరే నంబరు ఉంటాయి. ఫోనులో ఇంజను నంబరు కొట్టి డబ్బు కట్టేస్తే ట్రాలీ పాలసీలోకి దానంతటదే రాదు. ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి తీసుకుపోతుంటే ట్రాలీ తగిలి ఒకరు పోయారనుకోండి. పాలసీలో ట్రాలీ లేదని కంపెనీ అడ్డం తిరుగుతుంది. వ్యవసాయానికని రాయించి ఇసుక కిరాయికి తోలినా అదే గొడవ.

మిర్చి ఏరే కూలీలను ట్రాలీలో ఎక్కించడం ఇంకా పెద్ద ప్రమాదం. ట్రాక్టరు మీద డ్రైవరుకు తప్ప సీటు లేదు. కూలీలకు ఏమైనా అయితే తమకు బాధ్యత లేదని కంపెనీలు కోర్టులో వాదిస్తాయి. ముందు పరిహారం చెల్లించి యజమాని దగ్గర రాబట్టుకోమని కోర్టులు చెప్పిన కేసులున్నాయి. రాబట్టడమంటే చివరికి మన భూమి మీదికే వస్తుంది. ఈ మాట చెప్పని ఏజెంటుకు కమీషను ఎందుకు పోవాలి?

కాబట్టి కట్టేముందు మూడు అడగండి. ట్రాలీ నంబరు పాలసీలో ఉంటుందా? వాడకం ఏమని రాస్తున్నారు? డ్రైవరుకు, పనివాళ్లకు అదనపు ప్రీమియంతో ఏ రక్షణ దొరుకుతుంది? జవాబులు నోటిమాటగా కాకుండా వాట్సాప్‌లోనైనా రాయించుకోండి. వెబ్‌సైటులో ట్రాలీ నంబరు రాసే చోటు లేకపోతే అక్కడ కొనకండి, కంపెనీ ఆఫీసుకు పోండి. పాలసీ చేతికి రాగానే రెండు నంబర్లూ ఆర్‌సీలతో సరిచూడండి. తప్పుంటే బండి రోడ్డెక్కకముందే ఎండార్స్‌మెంటు అడిగి దిద్దించుకోండి.