క్యాటాన్‌లో రెండో సెటిల్‌మెంట్ ఎక్కడ పెట్టాలి?

క్యాటాన్‌లో మొదటి సెటిల్‌మెంట్ ఈజీనే, ఎక్కువ చుక్కలున్న మూల పట్టేస్తాం. చుక్కలంటే నంబర్ కింద ఉండేవి. రెండు డైస్ 36 రకాలుగా పడొచ్చు, అందులో 6 వచ్చేవి ఐదు. అందుకే 6 కింద ఐదు చుక్కలు. అసలు తికమకంతా రెండోదానితోనే.

మీ మొదటిది 6 కలప, 9 గొర్రెలు, 4 ఇటుక మధ్యలో ఉందనుకోండి. మొత్తం 12 చుక్కలు. రెండోదానికి రెండు చోట్లు మిగిలాయి. ఒకటి 8 గొర్రెలు, 5 కలప, 10 గొర్రెలు. మళ్లీ 12 చుక్కలు! ఇంకోటి 5 గోధుమ, 10 ఖనిజం, 3 గొర్రెలు. ఇక్కడ 9 చుక్కలే. చాలామంది 12 వైపే వెళ్తారు.

కానీ లెక్క చూడండి. మూడు చుక్కల తేడా అంటే, డైస్ 36 సార్లు వేస్తే సగటున మూడు కార్డులు ఎక్కువ. అంతే. గోధుమ లేకుండా ఇంకో సెటిల్‌మెంట్ కట్టలేరు కదా, ఎవరూ ఇవ్వకపోతే బ్యాంకుకి ఒకే రకం కార్డులు నాలుగు ఇచ్చి ఒక గోధుమ తెచ్చుకోవాలి. అంటే మూడు కార్డులు నష్టం. వచ్చిన లాభమంతా ఒక్క గోధుమకే హుష్‌కాకి! ఇక సిటీకి రెండు గోధుమలు, మూడు ఖనిజాలు కావాలి. అన్నీ బ్యాంకులోనే కొంటే 20 కార్డులు.

అందుకే నేనైతే 9 చుక్కల చోటే తీసుకుంటా. పైగా రెండో సెటిల్‌మెంట్ పక్కనున్న ఒక్కో టైల్ నుంచి ఆట మొదట్లోనే ఒక్కో కార్డు ఇస్తారు. గోధుమ, ఖనిజం, గొర్రె చేతికొస్తాయి. ఆ మూడింటితో మొదటి టర్న్‌లోనే డెవలప్‌మెంట్ కార్డు కొనొచ్చు.

"మరి గొర్రెల పోర్ట్ దగ్గర్లో ఉంటే?" అంటారా? అక్కడ రెండు గొర్రెలకే ఏదైనా ఒకటి ఇస్తారు కాబట్టి మొదటి చోటూ బాగానే ఉంటుంది. కాకపోతే ఆ పోర్ట్‌లో సెటిల్‌మెంట్ కట్టడానికీ ముందు ఒక గోధుమ కావాలి!