లెక్క వచ్చినా మార్కు ఎందుకు రాలేదు?

(సీతాఫల్‌మండిలో సాయంత్రపు ఉచిత తరగతిలో ఇంటర్ రెండో సంవత్సరం విద్యార్థులకు చెప్పిన మాటలు)

పిల్లలూ, ఈ రోజు కొత్త పాఠం ఏమీ లేదు. తెలిసిన లెక్కను కాగితం మీద ఎలా పెట్టాలో మాట్లాడుకుందాం. ఈ తరగతికి పుస్తకాలు, ఫ్యాన్లు, అద్దె సమకూరుస్తున్న పెద్దలు కొందరు ఈ రోజు వెనక బెంచీల మీద కూర్చున్నారు. వారికీ అర్థమయ్యేలా చెప్పడానికి ప్రయత్నిస్తాం.

కొన్నేళ్ల కిందట మన తరగతి అబ్బాయి ఒకడికి గణితం రెండు-బి పేపరులో 75కి 24 మార్కులు వచ్చాయి. పాసవ్వడానికి 26 కావాలి. ఇంటిగ్రేషన్‌లో అతను తరగతిలో అందరికంటే ముందుండేవాడు. రీవెరిఫికేషన్‌కు దరఖాస్తు పెట్టి జవాబు పత్రం స్కాన్ కాపీ తెప్పించుకున్నాం. రీవెరిఫికేషన్‌లో మార్కుల కూడికను, దిద్దకుండా వదిలేసిన జవాబులను చూస్తారు. రాయని మెట్టుకు మాత్రం ఎవరూ మార్కు వేయలేరు. ఆ కాపీ ముందు పెట్టుకుని మేమూ అతనూ ఒక సాయంత్రమంతా కూర్చున్నాం. ఏడు మార్కుల లెక్క ఒకటి చేశాడు. చివరి జవాబు సరిగ్గానే ఉంది. వచ్చినవి మూడు మార్కులు. దిద్దిన వారి మీద కోపం తెచ్చుకునే వీలు లేకపోయింది, ఎందుకంటే మధ్యలో ఏం జరిగిందో ఆ కాగితం మీద లేదు. అతని తలలో ఉంది.

ఆ లెక్క ఇది. పాత ప్రశ్నపత్రాల్లో మీరు చూసే ఉంటారు.

∫₀¹ log(1+x)/(1+x²) dx

అతను x = tan θ అని రాశాడు. కింద ఒక పెద్ద సమీకరణం రాసి, దాని మీద గీత కొట్టి, పక్కన మళ్ళీ రాశాడు. ఆ తర్వాత ఒక్కసారిగా 2I = (π/4) log 2 అని వచ్చింది. ఇదే లెక్కను ఇప్పుడు మనం వరుసగా పెడదాం.

మొదటి పని: విలువ కట్టాల్సిన దానికి పేరు పెట్టండి. తర్వాత ప్రతిక్షేపణను, దాని అవకలనాన్ని ఒకే వరుసలో రాయండి.

I = ∫₀¹ log(1+x)/(1+x²) dx అనుకుందాం.
x = tan θ అయితే, dx = sec²θ dθ

రెండో పని: లిమిట్లు. దీనికి తప్పకుండా విడిగా ఒక వరుస ఇవ్వండి.

x = 0 అయితే θ = 0; x = 1 అయితే θ = π/4

మన నోటు పుస్తకాల్లో ఎక్కువగా మాయమయ్యే వరుస ఇదే. కొందరు θ లోకి మారిపోయి కూడా లిమిట్లు 0, 1 గానే ఉంచుతారు. అలా ఉంచితే తర్వాతి మెట్టులో tan(1−θ) వస్తుంది. దాంతో ఏమీ చేయలేం. లెక్క అక్కడ ఇరుక్కుందంటే సూత్రం మరిచిపోయామని కంగారు పడకండి. ముందుగా లిమిట్ల వరుస దగ్గరకు తిరిగి వెళ్ళి చూడండి.

మూడో పని: అంతా θ లో రాయడం.

I = ∫₀^(π/4) [log(1+tan θ)/(1+tan²θ)] sec²θ dθ
 = ∫₀^(π/4) log(1+tan θ) dθ … (1)

ఇక్కడ 1+tan²θ = sec²θ కాబట్టి రెండూ కొట్టుకుపోయాయి. ఆ కొట్టివేతను మొదటి వరుసలోనే పెన్నుతో అడ్డంగా గీసేస్తే చదివేవారికి ఏది ఎక్కడికి పోయిందో కనబడదు. మొదటి వరుసను అలాగే వదిలి, కింద కొత్త వరుస రాయండి. చివర (1) అని అంకె వేయడం మరవకండి. దానితో కాసేపట్లో పని ఉంది.

నాలుగో పని: వాడిన ధర్మాన్ని చెప్పడం. ఇక్కడ వాడేది ఇది.

∫₀ᵃ f(x) dx = ∫₀ᵃ f(a−x) dx

దీన్ని రాయకుండా θ స్థానంలో π/4 − θ పెట్టేస్తే, ఎందుకు పెట్టారో దిద్దేవారు ఊహించుకోవాలి. మార్కు ఊహకు పడదు.

I = ∫₀^(π/4) log[1+tan(π/4−θ)] dθ
 = ∫₀^(π/4) log[1+(1−tan θ)/(1+tan θ)] dθ
 = ∫₀^(π/4) log[2/(1+tan θ)] dθ
 = ∫₀^(π/4) log 2 dθ − ∫₀^(π/4) log(1+tan θ) dθ
 = (π/4) log 2 − I, (1) నుంచి

(1) అని వేసిన అంకె ఇప్పుడు ఉపయోగపడింది. చివరి I ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పడానికి ఒక పొడుగు వాక్యం తప్పింది.

కాబట్టి 2I = (π/4) log 2, అంటే I = (π/8) log 2.

మేము మన తరగతి పరీక్షల్లో దీన్ని దిద్దేటప్పుడు ప్రతిక్షేపణకు ఒకటి, లిమిట్లకు ఒకటి, (1) దాకా వచ్చినందుకు ఒకటి, ధర్మానికి ఒకటి, tan సూత్రం వాడి సూక్ష్మీకరించినందుకు రెండు, జవాబుకు ఒకటి వేస్తాం. బోర్డు వారి పంపకం దీనికి అటూ ఇటూ ఉండొచ్చు. అయినా ఒక సంగతి గమనించండి. చివరి జవాబుకు మేము వేసేది ఒక్క మార్కే. tan(π/4−θ) దగ్గర గుర్తు తారుమారై జవాబు తప్పినా, అంతకు ముందు మెట్లు కనబడుతుంటే వాటికి పడిన నాలుగు మార్కులు నిలుస్తాయి. మెట్లు లేకుండా జవాబు తప్పితే మిగిలేది ఏమీ ఉండదు.

జవాబు వచ్చాక అర నిమిషం ఆగి ఒకసారి సరిచూసుకోండి. 0 నుంచి 1 వరకు log(1+x) ఎప్పుడూ సున్నా కంటే తక్కువ కాదు, 0.7 దాటదు. కింద ఉన్న 1+x² ఒకటి కంటే తక్కువ కాదు. కాబట్టి జవాబు 0కి, 0.7కి మధ్యనే ఉండాలి. మనది సుమారు 0.27. ఎవరికైనా మైనస్ జవాబు వస్తే ఎక్కడో గుర్తు పోయిందన్న మాట. ఈ సరిచూపు జవాబు సరైనదేనని తేల్చదు గానీ, పెద్ద తప్పును పట్టిస్తుంది.

లిమిట్లు లేని లెక్కల్లో పోయే మార్కు వేరే చోట ఉంటుంది. ∫ 2x e^(x²) dx అడిగితే t = x², dt = 2x dx అని పెట్టి, eᵗ + c అని రాసి కొందరు పెన్ను దించేస్తారు. ప్రశ్న x లో అడిగారు, జవాబు x లోనే తిరిగి ఇవ్వాలి: e^(x²) + c. లిమిట్లు మార్చుకున్న లెక్కలో వెనక్కి రానక్కరలేదు, లిమిట్లు లేని లెక్కలో రావాలి. ఈ తేడా తెలియకే రెండు చోట్లా పొరపాట్లు జరుగుతాయి.

ఇక కాగితం సంగతి. ఒక వరుసకు ఒక సమానం గుర్తు పెట్టండి. అవి ఒకదాని కింద ఒకటి నిలువుగా రావాలి. చిత్తు పని కోసం కుడి వైపు నాలుగు వేళ్ల వెడల్పు వదిలి, గీత గీసి, పైన చిత్తు అని రాయండి. ఏదైనా తప్పు పోతే ఒక్క అడ్డగీత చాలు. దాని మీదే దిద్ది రాయకండి. కింద వరుసలో మళ్ళీ రాయండి. ఈ అలవాటుకు కాగితం ఎక్కువ పడుతుంది. అందుకే వెనక కూర్చున్న పెద్దలకు ఒక మనవి. ఈ ఏడు గైడ్లు కొన్ని తగ్గించినా ఫర్వాలేదు, ఒక్కొక్కరికి ఇంకో రెండు లాంగ్ నోటు పుస్తకాలు ఇప్పించండి. కాగితం అయిపోతుందన్న భయంతోనే మన పిల్లలు చాలామంది మూడు మెట్లను ఒక వరుసలో ఇరికిస్తున్నారు.

ఆ అబ్బాయి సప్లిమెంటరీకి ముందు రోజుకు రెండే లెక్కలు చేశాడు. రాసినదాన్ని చెల్లెలికి ఇచ్చేవాడు. ఆమెకు ఇంటిగ్రేషన్ తెలియదు. ఈ వరుస నుంచి ఆ వరుసకు ఎలా వచ్చావని మాత్రం అడిగేది. జవాబు నోటితో చెప్పాల్సి వస్తే అది కాగితం మీద లేదన్నట్టే. అప్పుడు అతను ఆ మాటను అక్కడ రాసేవాడు. సప్లిమెంటరీలో పాసయ్యాడు.

రేపు మీరంతా ఇదే లెక్కను పుస్తకం చూడకుండా రాసుకుని రండి. పక్కవారితో నోటు పుస్తకాలు మార్చుకుని దిద్దండి. దిద్దేటప్పుడు రాసినవారు నోరు విప్పకూడదు.