లేఆఫ్ తర్వాత ఆరు వారాలు: ముందు లెక్క, తర్వాతే అప్లికేషన్లు

లేఆఫ్ అయిన వాళ్ళు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది: "అన్నా, ఒక ఆఫర్ వచ్చింది, పెద్దగా నచ్చలేదు. చేరిపోనా?" దీనికి అవును, కాదు అని ఒక్క ముక్కలో చెప్పలేను. నా విషయంలో ఏం చేశానో లెక్కలతో సహా చెప్తాను, మీది మీరు వేసుకోండి.

నేను హైదరాబాద్‌లో ఎనిమిదేళ్ళు మాన్యువల్ టెస్టింగ్ చేశాను. ఉద్యోగం పోయిన పది రోజులకే ఒక కన్సల్టెన్సీ ఫోన్ చేసింది. అదే టెస్టింగ్ పని, కాంట్రాక్ట్ మీద, జీతం పది శాతం తక్కువ. ఇంట్లో అందరూ చేరిపొమ్మన్నారు. నేను రెండు రోజులు టైమ్ అడిగి, ముందు డబ్బు లెక్క వేశాను.

సెటిల్‌మెంట్, సేవింగ్స్ కలిపి 5 లక్షలు. అందులోంచి 60 వేలు పక్కన పెట్టాను. ఎందుకంటే కంపెనీ ఇచ్చే గ్రూప్ హెల్త్ ఇన్సూరెన్స్ సాధారణంగా చివరి పనిరోజుతోనే ఆగిపోతుంది. కొత్తగా పాలసీ తీసుకుంటే, యాక్సిడెంట్లు తప్ప మిగతా జబ్బులకు మొదటి 30 రోజులు కవరేజ్ ఉండదు. అందుకే ఆ ప్రీమియం, కొంచెం ఆసుపత్రి ఖర్చు ముందే తీసేశాను. మిగిలింది 4 లక్షల 40 వేలు. అద్దె, బైక్ ఈఎంఐ, సరుకులు, ఊళ్ళో అమ్మానాన్నలకు పంపేది, అన్నీ కలిపి నెలకు 55 వేలు. అంటే ఎనిమిది నెలలు.

కానీ ఆ ఎనిమిదీ నా చేతిలో లేవు. ఇంటర్వ్యూలు, ఆఫర్ లెటర్, చేరాక మొదటి జీతం పడేదాకా, వీటికి ఐదు నెలలు ఉంచాను. మిగిలిన మూడు నెలల్లో సగం, అంటే ఆరు వారాలు, ఆలోచించడానికి తీసుకున్నాను. ముగిసే తేదీ క్యాలెండర్‌లో రాసి ఇంట్లో వాళ్ళకీ చెప్పాను. తేదీ తెలిశాక ఇంట్లో రోజూ అడగడం తగ్గింది.

తర్వాత ఆ ఆఫర్ గురించి నన్ను నేను ఒకటే అడిగాను: "పాత ఉద్యోగం పోకపోయి ఉంటే, దీనికి అప్లై చేసేవాడినా?" చేసేవాడిని కాదు. అంటే అది నా ఎంపిక కాదు, భయం. పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అన్నట్టు ఉంటుంది అలా చేరితే. వద్దని చెప్పాను.

మొదటి రెండు వారాలు ఒక నోట్‌బుక్ పని. గడిచిన 24 నెలల్లో, ఏ నెలలో ముఖ్యంగా ఏం పని చేశానో జ్ఞాపకం మీద రాశాను. ఆఫీస్ ల్యాప్‌టాప్ తిరిగి ఇచ్చేశాం కదా, ఫోన్‌లో ఫొటోలు, పాత మెసేజ్‌లు చూస్తే చాలావరకు గుర్తొచ్చాయి. ప్రతి నెల పక్కన, ఆ పని మళ్ళీ చేస్తానా లేదా అని రాశాను. టెస్ట్ కేసులు రన్ చేసిన నెలలకు దాదాపు అన్నింటికీ "లేదు". "చేస్తా" అని రాసిన ఐదు నెలల్లో ఒకే పని కనిపించింది: కస్టమర్‌తో కాల్‌లో కూర్చుని, వాళ్ళ దగ్గర సమస్య ఎందుకు వస్తోందో కనుక్కుని, డెవలపర్లకు అర్థమయ్యేలా చెప్పడం. మార్కెట్లో ఆ పనికి దగ్గరి పేరు ఇంప్లిమెంటేషన్ కన్సల్టెంట్.

తర్వాతి రెండు వారాలు ఆ ఉద్యోగం చేస్తున్న ఆరుగురితో మాట్లాడాను. "బాగుంటుందా?" అని అడగలేదు, అలా అడిగితే అందరూ బాగుంటుందనే అంటారు. "పోయిన మంగళవారం పొద్దున్నుంచి రాత్రిదాకా ఏం చేశారు?" అని అడిగాను. అప్పుడు తెలిసింది, కొందరికి నెలలో పది రోజులు క్లయింట్ ఊళ్ళోనే మకాం. చిన్న పిల్ల ఉన్న ఇల్లు నాది. కాబట్టి అలా తిరగాల్సిన కంపెనీలను లిస్ట్‌లోంచి కొట్టేశాను.

చివరి రెండు వారాలు, తెలిసిన ఒక చిన్న క్లినిక్‌లో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టించి, రిసెప్షన్ వాళ్ళకు నేర్పించాను. డబ్బు తీసుకోలేదు. ఒకే ప్రశ్న పదోసారి అడిగినా నాకు విసుగు రాలేదు. ఇంటర్వ్యూలో గ్యాప్ గురించి అడిగితే చెప్పడానికి ఆ పని ఒక్కటీ సరిపోయింది.

ఆ తర్వాత మూడు నెలలకు ఉద్యోగం వచ్చింది. జీతం పాతదానికంటే కొంచెం తక్కువే. కాంట్రాక్ట్ ఆఫర్‌కి కూడా జీతం తక్కువే కదా అంటారేమో. నిజమే, కానీ అక్కడ చేరితే రెండేళ్ళ తర్వాత కూడా ఇదే నోట్‌బుక్, ఇదే "లేదు" రాసుకునేవాడిని.

రెండు జాగ్రత్తలు. మీ లెక్కలో నాలుగు నెలలు కూడా రాకపోతే, దగ్గరున్న ఉద్యోగంలో చేరండి, అందులో తప్పేం లేదు. నోట్‌బుక్ పని వీకెండ్‌లో చేసుకోండి. రెండోది, వారం చివర మీ లిస్ట్‌లోంచి ఒక్కటైనా పోవాలి, లేదా కొత్తది చేరాలి. రెండు వారాలు వరుసగా ఏమీ మారకుండా కోర్సులు మాత్రమే కొంటున్నారంటే, మీరు ఆలోచించడం ఆపేశారని అర్థం. ఆ రోజే అప్లికేషన్లు మొదలుపెట్టండి.

మీ నెలల లెక్క ఎంత వచ్చిందో కామెంట్‌లో రాయండి, చూస్తాను. ఉంటాను మరి.